తెర అడుగున తెలుగు: రోమను లిపియా, స్వలిపియా?

బస్సు నుదుటిపలక మీద Medak అనే అయిదు రోమను అక్షరాలు చూసి, ఈ సీమ ఎరుగని బాటసారి ఆ ఊరిని మేడక్ అని పిలుస్తాడు. ఊరివారు మెదక్ అంటారు. తప్పు బాటసారిది కాదు. ఆ అయిదు అక్షరాలలో ఎకారం హ్రస్వమో దీర్ఘమో తెలిపే గుర్తు లేదు. నాలుక పండ్లకు తగలవలెనో, వెనుకకు మడిచి పలుకవలెనో తెలిపే గుర్తు అంతకన్నా లేదు. ఊరిపేరుకు మూలం మెతుకు అని జనశ్రుతి. మెతుకుసీమ అనే వ్యవహారం నేటికీ వినబడుతున్నది. ఆ మాటనే కొందరు Methuku అనీ, కొందరు Metuku అనీ వ్రాస్తారు. మొదటిది చదివినవాడు థకారం పలుకవచ్చును. రెండవది చదివినవాడు టకారం పలుకవచ్చును. ఇక మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వెలసిన వనదుర్గ క్షేత్రం సంగతి. Edupayala అని కలిపి వ్రాస్తే, సంగతి తెలియని చదువరికి అందులో ఏడు పాయలకు ముందుగా ఏడుపే కనబడుతుంది.

పేరుపలకల మీద ఉన్నంతకాలం ఇది పెద్ద చిక్కు కాలేదు. పేరు ఒకసారి చెవిని పడితే కన్ను సర్దుకొంటుంది. కాని ఇప్పుడు రోమను లిపి పలకలను దాటి, సంభాషణ మొత్తానికి పాకింది. జేబులోని సెల్‌ఫోనుతో ఎవరైనా ఒక వృద్ధుని మాటలనో, జాతరలోని పాటనో, తరగతిలోని పాఠాన్నో చిత్రంతో సహా పట్టి నలుగురికీ పంపగలుగుతున్నారు. చూసేవారిలో చాలమంది బస్సులోనో, నలుగురి మధ్యనో ధ్వనిని ఆపివేసి చూస్తారు. చెవి వినరానివారు ఎప్పుడూ అట్లాగే చూస్తారు. అందుచేత తెర అడుగున మాటలను వ్రాయడం, అనగా సబ్‌టైటిళ్ళు వేయడం, వాడుకైంది. ఆ వ్రాత పలుమారు ఇంగ్లీషు అనువాదం కాదు. మాటలు తెలుగువే, లిపి మాత్రం రోమనుది. ఇది సౌకర్యమా, నష్టమా అన్న ప్రశ్నకు జవాబు భాషాభిమానంలో వెదకితే దొరకదు. ఒక్క వాక్యాన్ని పట్టుకొని, రెండు లిపులలోను వ్రాసి చూస్తే దొరుకుతుంది.

మెదక్ ప్రాంతపు ముసలి రైతు ఒకడు కరవు సంవత్సరాన్ని తలచుకొంటున్నాడని అనుకొందాం. అతని నోట రెండు చిన్న వాక్యాలు వస్తవి: "గా యేడు వానలు పడలే. చెర్ల నీళ్ళు లేవు." ఆ సంవత్సరం వానలు పడలేదు, చెరువులో నీళ్ళు లేవు అని అర్థం. ఈ మాటలు తెరమీద నిలిచే కాలాన్ని తెలిపే చిన్న దస్త్రాన్ని SRT అంటారు. అందులో వరుస సంఖ్య, మాట మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం, దాని క్రింద మాటలు ఉంటవి. తెలుగు లిపిలో అది ఇట్లా ఉంటుంది:

```
1
00:00:04,200 --> 00:00:07,000
గా యేడు వానలు పడలే.
చెర్ల నీళ్ళు లేవు.
```

ఫోనులో మాట్లాడుకొనే అలవాటు కొద్దీ దీనిని రోమనులో వ్రాసేవారు ఇట్లా వ్రాస్తారు:

```
1
00:00:04,200 --> 00:00:07,000
Ga yedu vanalu padale.
Cherla neellu levu.
```

ఈ రెండవ వ్రాతను, ముసలివాని గొంతు విననివానికి చూపితే ఏమి చదువుతాడు? vanalu అనేది వానలు కావచ్చును, వనాలు కావచ్చును. padale అనేది పడలే కావచ్చును, పాడలే కావచ్చును. వనాలు పాడలేదన్నా వ్యాకరణానికి లోటు లేదు. కవిత్వం వచ్చింది గాని కరవు పోయింది. yedu అంటే సంవత్సరమా, ఏడు అనే సంఖ్యయా, ఏడువుమనడమా అన్నది సందర్భమే చెప్పవలె. తెలుగు లిపిలో వ్రాసినప్పుడు మొదటి రెండు అనుమానాలకు చోటే లేదు. మూడవది ఉచ్చారణలోనే ఉన్న సందిగ్ధం గనుక, అది ఏ లిపిలోనైనా ఉంటుంది. లిపి కలిగించిన సందిగ్ధాన్నీ, భాషలోనే ఉన్న సందిగ్ధాన్నీ ఇట్లా వేరుచేసి చూడడం ముఖ్యం. రెండవదానికి లిపిని నిందించరాదు.

ఇంకొక మాట. ముసలమ్మ ఒకతె "నా కాళ్ళు పోయినయ్" అన్నది. వాడుక రోమనులో అది Na kallu poyinay అవుతుంది. చదివేవాడికి పోయినవి కళ్ళా, కాళ్ళా? తాళ్ళకూ ఈతలకూ కొదువలేని ఈ సీమలో ఆ kallu మూడవ అర్థానికి కూడా ఎదురుచూస్తూ ఉంటుంది. క్రియ బహువచనంలో ఉండడం వల్ల కల్లు తప్పిపోయింది. కళ్ళు, కాళ్ళు మాత్రం తేలవు. ధ్వని వినగలవాడు ఒక క్షణం తడబడి దిద్దుకొంటాడు. చెవి లేనివాడికి దిద్దుకొనే సాధనమే లేదు. అతనికి ఆసరా కావలసిన ఉపకరణం అతనినే మోసగించడం విచారకరం.

రోమను లిపికే ఈ లోపం స్వభావసిద్ధమని అనడం న్యాయం కాదు. తెలుగు వర్ణాలన్నిటినీ ఒక్కటి పోకుండా రోమనులో చూపే పద్ధతులు ఎన్నడో ఏర్పడినవి. 2001 లో వెలువడిన ISO 15919 అనే అంతర్జాతీయ ప్రమాణంలో దీర్ఘానికి పైన గీత, మూర్ధన్యానికి క్రింద చుక్క ఉంటవి. ముసలివాని మాటలు ఆ పద్ధతిలో ఇట్లా ఉంటవి:

```
gā yēḍu vānalu paḍalē.
cerla nīḷḷu lēvu.
```

దీని నుండి తెలుగు వ్రాతను ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి రాబట్టవచ్చును. కల్లు kallu గాను, కళ్ళు kaḷḷu గాను, కాళ్ళు kāḷḷu గాను విడివిడిగా నిలుస్తవి. పండితునికి ఇంతకన్నా కావలసినది లేదు. కాని తెరముందు కూర్చున్నవాడు పండితుడు కాడు. cerla అని చూడగానే ఇంగ్లీషు బడిలో చదివిన పిల్లవాడు కెర్ల అనో సెర్ల అనో అంటాడు. క్రింది చుక్క చిన్న తెరమీద ధూళికణం వలె కనబడి మాయమవుతుంది. చుక్కలూ గీతలూ లేకుండా మామూలు మీటలతోనే వ్రాయడానికి 1990 ప్రాంతాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు ఏర్పరచిన పద్ధతి ఒకటి ఉన్నది. దానిని RTS అంటారు. అందులో మూర్ధన్యాలకు పెద్దక్షరాలు: కళ్ళు kaLLu అవుతుంది, మేడక్ అని వ్రాయదలచినవాడు mEDak అని వ్రాస్తాడు. అంతర్జాలపు తొలినాళ్ళలో తెలుగు లిపి చూపలేని యంత్రాల మీద తెలుగు ఉత్తరాలూ పద్యాలూ నడిచినది ఇట్లాంటి పద్ధతుల చలవ వల్లనే. కాని ఉపశీర్షికలు వేసే సాధనం వాక్యం మొత్తాన్ని పెద్దక్షరాలలోకి మార్చినదంటే, ఆ భేదాలన్నీ ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకొని పోతవి.

కనుక రోమనులో వ్రాసేవాడికి ఒక ఇరకాటం ఉన్నది. వర్ణభేదం నిలుపుకొంటే చదివేవాడు తడబడతాడు. సులువుగా వ్రాస్తే వర్ణభేదం పోతుంది. తెలుగు లిపిలో ఈ ఇరకాటం లేదు. అయితే అక్కడ వేరొక ప్రమాదం పొంచి ఉన్నది. తెలుగు లిపి పక్షాన వాదించేవారు దానిని తలచడం అరుదు గాని, నిజానికి ఈ చర్చలో అన్నిటికన్న లోతైన విషయం అదే.

తెలుగు లిపికి వ్రాతలో ఒక మర్యాద ఏర్పడి ఉన్నది. "పోయిండు" అని విన్న చెయ్యి, బడిలో నేర్చిన అలవాటు కొద్దీ, "పోయాడు" అని వ్రాస్తుంది. "పోయినం" అనే మాట "పోయినాము" అవుతుంది. "బాయికాడ" అన్నది "బావి దగ్గర" అవుతుంది. "చెర్ల" అన్నది "చెరువులో" అవుతుంది. వ్రాసేవాడు తప్పు చేస్తున్నానని అనుకోడు. తప్పు దిద్దుతున్నానని అనుకొంటాడు. ఫోనులోని మీటలపలక కూడా ముందుగా పుస్తకపు రూపాన్నే అందించి అతనికి సాయపడుతుంది. ఫలితంగా తెరమీద ఒక ముసలివాడు మెదక్ మాట మాట్లాడుతూ ఉంటాడు, అతని క్రింద వేరొక మండలపు పాఠ్యపుస్తకం నడుస్తూ ఉంటుంది. రోమనులో వ్రాసేవాడికి ఈ అలవాటు లేదు. రోమను తెలుగుకు ప్రమాణమైన వర్ణక్రమం లేదు గనుక, అతడు చెవికి తోచినట్లు poyindu అనే వ్రాస్తాడు. ఈ ఒక్క విషయంలో రోమను వ్రాత, తెలియకుండానే, ఎక్కువ నిజాయితీగా ఉంటుంది. దీనిని ఒప్పుకొని తీరవలె.

ఒప్పుకొన్న తరువాత కూడా లిపి మార్చవలసిన పని ఉండదు. చెయ్యి అలవాటు మార్చుకొంటే చాలును. "పోయిండు", "పోయినం", "బాయికాడ" అనే రూపాలలో ఏ ఒక్కదానిని వ్రాయడానికైనా తెలుగు లిపికి శక్తి చాలకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962 లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటం సేద్యపు పలుకుబళ్ళను మండలాల వారీగా తెలుగు లిపిలోనే ఎత్తి వ్రాసింది. రైతు అన్న మాటను రైతు అన్నట్లే వ్రాయడం అసాధ్యం కాదని దానిని చూస్తే తెలుస్తుంది.

తెలుగు లిపి నిజంగా చూపలేని ధ్వనులు కొన్ని ఉన్నవి. "మేక" అని వ్రాసి, ఏకారానికీ ఆకారానికీ నడుమ ఉన్న స్వరంతో పలకడం తెలుగునాట పెక్కుచోట్ల వాడుక. ఆ స్వరానికి అక్షరం లేదు. "మ్యాక" అని వ్రాస్తే కొంత దగ్గరకు వస్తుంది గాని, అందులో లేని యకారం వచ్చి చేరుతుంది. "చాలు" లోని దంత్య చకారానికీ "చెప్పు" లోని తాలవ్య చకారానికీ మామూలు వ్రాతలో భేదం లేదు. పాత నిఘంటువులు ఆ దంత్యాలకు గుర్తు పెట్టేవి. ౘ, ౙ అనే ఆ రెండు అక్షరాలకు 2008 లో యూనికోడులో స్థానం లభించింది. అయితే అన్ని ఫోనుల అక్షరాకృతులలోను అవి ఉంటవని నమ్మరాదు. పైగా తెలుగు తెలిసినవాడు ఏ మాటలో ఏ చకారమో అలవాటు చొప్పున పలుకుతూనే ఉంటాడు గనుక, తెరమీద వాటి అవసరం తక్కువ. ఇక మెదక్ 1948 వరకు నిజాం పాలనలో, ఉర్దూ రాజభాషగా ఉన్న సీమ. "జర ఆగు" అన్నప్పటి జకారం ఉర్దూ నుండి వచ్చినది. "ఫసల్" లోని ఫకారం పకారపు ఒత్తు కాదు. రోమనులోని z, f వాటిని సూటిగా చూపుతవి. ఈ లాభం చిన్నది గాని నిజమైనది.

ధ్వనిని ఉన్నదున్నట్లు పట్టవలెనన్న పట్టుదల లిపిని మార్చిన సందర్భం తెలుగువారి చరిత్రలోనే ఒకటి ఉన్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవరభాష నేర్చి, సవరలకోసం తొలుత తెలుగు లిపిలోనే పుస్తకాలు వ్రాశారు. తరువాత 1931 లో మద్రాసులో అచ్చయిన సవర వ్యాకరణంలోను, 1930 లలోనే వచ్చిన నిఘంటువులలోను ఆయన రోమను అక్షరాలను ధ్వనిచిహ్నాలుగా వాడి, దీర్ఘానికి అక్షరం ప్రక్కన రెండు చుక్కలు పెట్టారు. అది శాస్త్రజ్ఞుల కోసం చేసిన పని. పైగా సవరకు అప్పటికి తనదైన వ్రాత సంప్రదాయం లేదు. తెలుగుమాటకు రోమను వేయదలచినవారు ఆయనను సాక్షిగా పిలిస్తే, ఆయన పెట్టిన రెండు చుక్కలను కూడా వెంట తెచ్చుకోవలె. చుక్కలు వదలి అక్షరాలు మాత్రమే పుచ్చుకొంటే, ఆయన ఏ సూక్ష్మం కోసం లిపి మార్చారో ఆ సూక్ష్మమే పోతుంది.

రోమను వైపు వినిపించే మరొక వాదం స్థలానిది. తెలుగు అక్షరం వెడల్పు, పైన గుడులు, క్రింద వత్తులు, కనుక తెర చాలదంటారు. లెక్క వేసి చూస్తే ఇందులో సగమే నిజం. ఉపశీర్షికలలో పంక్తికి సుమారు 42 అక్షరాలనీ, రెండు పంక్తులు మించరాదనీ ఒక ఆచారం ఉన్నది. యంత్రం తెలుగును లెక్కించేటప్పుడు గుణింతపు గుర్తునూ, పొల్లునూ వేరువేరుగా లెక్కిస్తుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరం దానికి ఆరు. ముసలివాని రెండు పంక్తులు ఖాళీలతోను, విరామచిహ్నాలతోను కలిసి తెలుగు లిపిలో 37. వాడుక రోమనులో 41. కంటికి మాత్రం తెలుగులో కనబడేవి 15 అక్షరాలే. రెండు సెకన్ల ఎనిమిది దశాంశాల కాలంలో 15 అక్షరాలను చూడడం తెలుగు చదువరికి ఏమాత్రం కష్టం కాదు. కనుక వెడల్పులో రోమనుకు లాభం లేదు. ఎత్తులో ఉన్నది. "నీళ్ళు" లోని వత్తు క్రిందికి దిగుతుంది. పంక్తుల నడుమ ఎడం చాలకపోతే మొదటి పంక్తి వత్తు రెండవ పంక్తి గుడిని తాకుతుంది. రెండవ పంక్తి వత్తు తెర అంచున తెగిపోతుంది. వత్తు తెగిన "నీళ్ళు" కంటికి నీళు అవుతుంది. ఎడం పెంచడమూ, పంక్తిని అంచు నుండి కాస్త పైకి జరపడమూ దీనికి మందు.

యంత్రం తెలుగును సరిగా చూపుతున్నదో లేదో తెలుసుకోవడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నవి. అక్షరాలకు బదులు ఖాళీ పెట్టెలు కనబడితే ఆ పరికరంలో తెలుగు అక్షరాకృతులు లేవన్నమాట. అర్థం లేని లాటిను గుర్తుల గుంపు కనబడితే దస్త్రం UTF-8 గా దాచబడలేదు, లేదా అట్లా చదువబడలేదు. వత్తులు క్రిందికి దిగకుండా "చెర్‌ల" అన్నట్లు విడివిడిగా నిలిచితే, అక్షరాలు ఉన్నవి గాని వాటిని కూర్చే శక్తి ఆ పరికరానికి లేదు. పాత టీవీలలో ఈ మూడూ కనబడతవి. అట్టి పరికరం కోసమే చిత్రం తయారవుతున్నప్పుడు మాటలను చిత్రంలోనే ముద్రించి పంపడం ఒక ఉపాయం. అయితే ఆ తరువాత వాటిని దిద్దడానికి వీలుండదు.

రోమను ఎవరికి కావలె? ప్రవాసంలో పుట్టి, ఇంట తెలుగు వింటూ, తెలుగు అక్షరం నేర్వని పిల్లలకు కావలె. తాత మాట వారికి అర్థమవుతుంది. తాత లిపి అర్థం కాదు. వారికి రోమను నిజమైన ఊతకర్ర. మెదక్ పట్టణంలో బడికి పోయే పిల్లవాడి స్థితి అది కాదు. తెలంగాణలో తెలుగు బోధనను పాఠశాలలలో తప్పనిసరి చేస్తూ 2018 లో చట్టం వచ్చింది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివేవాడికి కూడా తెలుగు అక్షరం పరిచయమే. అతడు తెలుగు చదవలేక రోమను వైపు పోవడం లేదు. ఫోనులో తెలుగు మీటలు ఎక్కడ ఉన్నవో వెదకడానికి బద్ధకించి పోతున్నాడు. వ్రాసేవాడి బద్ధకాన్ని చదివేవాడి అవసరంగా చెప్పుకోవడం ఈ వ్యవహారంలో తరచు జరిగే పొరపాటు. తన భాషలోని మాటను వింటూ అదే మాటను తెరమీద చదివితే చదువు గట్టిపడుతుందన్న ఆలోచనతో బ్రిజ్ కొఠారీ 1990 లలో మొదలుపెట్టిన ప్రయత్నం దూరదర్శన్ పాటల కార్యక్రమాల దాకా సాగింది. అక్కడ గుజరాతీ పాటకు గుజరాతీ లిపినీ, హిందీ పాటకు నాగరినీ వాడడమే దానిలోని కిటుకు. చెవిలో పడిన ధ్వనికీ కంటపడిన అక్షరానికీ ముడి పడవలె. వాడుక రోమనులో ఆ ముడి పడదు. A అనే ఒకే గుర్తుకు ఒకసారి అకారం, ఇంకొకసారి ఆకారం వినబడుతూ ఉంటవి.

ఇద్దరికీ పనికివచ్చే మార్గం పనిచేసే వరుసలో ఉన్నది. ముందు ధ్వనిముద్రణను విని, మాటను మాటగా, దిద్దకుండా, తెలుగు లిపిలో వ్రాయవలె. కాలసూచికలు అక్కడే కుదరవలె. ఆ దస్త్రం నుండి అక్షరముఖ వంటి లిపిమార్పిడి సాధనంతో రోమను దస్త్రాన్ని రాబట్టవచ్చును. కాలసూచికలు అవే ఉంటవి. ప్రవాస బాలుని కోసం c ని ch గా మార్చడం వంటి సవరణలు ఆ రెండవ దస్త్రంలోనే చేసుకోవచ్చును. మొదటిదానికి te అనీ, రెండవదానికి te-Latn అనీ గుర్తు పెడితే, చూసేవాడు తనకు కావలసినది ఎంచుకొంటాడు. వరుస తలక్రిందులైతే మాత్రం పని చెడుతుంది. Na kallu poyinay నుండి తెలుగు రాబట్టమని యంత్రాన్ని అడిగినా, మనిషిని అడిగినా, మళ్ళీ ధ్వనిముద్రణ వినక తప్పదు. ధ్వనిముద్రణ పాడైపోయి, వ్రాత ఒక్కటే మిగిలిన నాడు ముసలమ్మకు పోయినవి ఏవో ఎవరూ చెప్పలేరు.

పరీక్షించడం సులభం. తరగతిలో ఒక విద్యార్థి ముద్రణను విని రోమనులో వ్రాయవలె. విననివాడు ఆ కాగితాన్ని చూసి తెలుగు లిపిలోకి మార్చవలె. మూడవవాడు దానిని ముద్రణతో పోల్చి తప్పులు లెక్కించవలె. మరునాడు మొదటివాడు తెలుగు లిపిలోనే వ్రాయవలె. ఈసారి మూడవవాడు వెదకవలసినది "పోయిండు" ఎక్కడెక్కడ "పోయాడు" అయిందో. రెండు రోజుల తప్పులు రెండు రకాలవి: మొదటినాటివి లిపి చేసినవి, రెండవనాటివి చెయ్యి చేసినవి.

వెదకులాటలో కూడా ఇదే తేడా బయటపడుతుంది. పదేళ్ళ తరువాత ఎవరైనా ఈ సీమ సేద్యపు మాటలు ఏరదలచి, దాచిన దస్త్రాలలో "బాయి" అని వెదికితే, తెలుగు లిపిలో ఉన్నచోటల్లా అది దొరుకుతుంది. రోమనులో అయితే bayi, baayi, bai, baai అని నాలుగు విధాలుగా వెదకవలె. వెదికిన తరువాత దొరికినవాటిలో నూతులేవో, మగపిల్లలేరో, పేర్ల చివర బాయి అని పిలుచుకొనే ఆడవారెవరో ఒక్కొక్కటే విప్పి చూసుకోవలె.